తిరుప్పూర్ నీటి పథకంలో గిరాకీ రిస్కు ఎవరి మీద పడింది?

కొన్నేళ్ళ కిందట ఒక మధ్యతరహా పురపాలక సంఘం తన నీటి సరఫరా పథకాన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో చేపట్టాలనుకున్నప్పుడు, దాని డ్రాఫ్టు ఒప్పందాన్ని చదివి అభిప్రాయం రాసివ్వమని నన్ను అడిగారు. రెండువందల పేజీలకు పైబడిన ఆ కాగితాల చివర ఒక పట్టిక ఉంది. ఎడమ గడిలో రిస్కు పేరు, కుడివైపు రెండు గడుల్లో ఒకటి పురపాలక సంఘానికి, ఇంకొకటి కంపెనీకి. నిర్మాణ వ్యయం పెరిగితే కంపెనీ గడిలో టిక్కు, భూసేకరణ ఆలస్యమైతే పురపాలక సంఘం గడిలో టిక్కు, నదిలో నీరు తగ్గితే మళ్ళీ పురపాలక సంఘం, నీటికి గిరాకీ తగ్గితే కంపెనీ. ఈ చివరి వరుస దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అంతకు ముందు నేను కొంత శ్రద్ధగా చదివిన తిరుప్పూర్ పథకంలోనూ గిరాకీ రిస్కు కాగితం మీద కంపెనీదే.

ఆ అనుభవం నాకు నేర్పిన మాటనే ఇక్కడ వాదనగా పెడుతున్నాను. ఒక రిస్కును కంపెనీ భరిస్తుందని ఒప్పందంలో రాసినంత మాత్రాన అది కంపెనీ దగ్గరే ఉండిపోదు. దాన్ని తగ్గించే అధికారం గానీ, అది నిజమైన రోజున తట్టుకునే సొమ్ము గానీ కంపెనీకి లేనప్పుడు, ఆ నష్టం అప్పిచ్చిన బ్యాంకుల మీదుగా, ప్రభుత్వం మీదుగా తిరిగి ప్రజల ఖాతాలోకే వస్తుంది. నీటి పథకాల్లో ఇలా తిరిగొచ్చే రిస్కుల్లో గిరాకీ రిస్కు అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం.

తిరుప్పూర్ తమిళనాడులో నొయ్యల్ నది ఒడ్డున ఉన్న ఊరు. బనియన్లు, టీ షర్టులు వంటి అల్లిక దుస్తుల ఎగుమతికి దేశంలో పెట్టింది పేరు. బట్ట అల్లడానికి నీరు పెద్దగా అక్కర్లేదు గానీ, దాన్ని చలువ చేసి రంగు అద్దడానికి విపరీతంగా కావాలి, అదీ ఉప్పు తక్కువగా ఉన్న నీరు కావాలి. అద్దకంలో వాడిన ఉప్పంతా మురుగుతో పాటు నొయ్యల్‌లోకీ భూమిలోకీ దిగడంతో ఊరి బావులు, బోర్లు ఆ పరిశ్రమకే పనికిరాకుండా పోయాయి. అందుకని అద్దకం యూనిట్లు చుట్టుపక్కల పల్లెల బోర్ల నుంచి ట్యాంకర్ల మీద నీళ్ళు కొనుక్కునేవి. ఊళ్ళో ఇళ్ళకు వచ్చే కుళాయి నీరు కూడా చాలీచాలనిదే. 1990ల మొదట్లో రాష్ట్ర ఖజానా ఒక్క ఊరి కోసం వందల కోట్లు పెట్టే స్థితిలో లేదు. ట్యాంకర్ నీటికి అంత ధర పెడుతున్న పరిశ్రమ మాత్రం ఎదురుగా ఉంది. పరిశ్రమ చెల్లించే ధరతో పెద్ద పథకం కట్టి, దానితోనే ఊరికీ, దారిలోని పల్లెలకూ చౌకగా నీరివ్వవచ్చన్న ఆలోచన అలా పుట్టింది. మంచి ఆలోచనే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

1995లో న్యూ తిరుప్పూర్ ఏరియా డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీ ఏర్పడింది. తమిళనాడు ప్రభుత్వం తన పారిశ్రామికాభివృద్ధి సంస్థ ద్వారాను, ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే ఆర్థిక సంస్థ, తిరుప్పూర్ ఎగుమతిదారుల సంఘం తమంతట తాముగాను ఇందులో చేరాయి. కట్టి, సొంతదారుగా నడిపి, గడువు తీరాక ప్రభుత్వానికి అప్పగించే పద్ధతిలో 30 ఏళ్ళ కన్సెషన్ ఒప్పందం 2000లో కుదిరింది. అప్పులూ వాటాల సొమ్మూ సమకూరేసరికి 2002 వచ్చింది. మొత్తం వ్యయం 1,023 కోట్ల రూపాయలు, అందులో దాదాపు 60 శాతం అప్పు. భవాని పట్టణం దగ్గర కావేరి నుంచి నీరు తోడి, శుద్ధి చేసి, సుమారు 55 కిలోమీటర్ల దూరం పైపుల్లో తెచ్చి రోజుకు 185 ఎంఎల్‌డీ, అంటే 18 కోట్ల 50 లక్షల లీటర్లు అందించడం పథకం లక్ష్యం. మన దేశంలో ప్రైవేటు పెట్టుబడితో ఇంత పెద్ద ఎత్తున కట్టిన తొలి నీటి పథకంగా దాన్ని చెప్పుకుంటారు.

ఇక్కడ పద్ధతుల గురించి ఒక్క మాట చెప్పాలి. నిర్వహణ కాంట్రాక్టులో కంపెనీ పని చేసి రుసుము తీసుకుంటుంది కాబట్టి, నీరు అమ్ముడుపోయినా పోకపోయినా దాని ఆదాయం పెద్దగా మారదు. లీజు పద్ధతిలో వసూళ్ళ రిస్కు కంపెనీది, పెద్ద పెట్టుబడి మాత్రం ప్రభుత్వానిది. కన్సెషన్‌లో పెట్టుబడి, అమ్మకం రెండూ కంపెనీవే. తిరుప్పూర్‌లో ఎంచుకున్నది ఈ మూడోది. అందుచేత ఎంత నీరు అమ్ముడవుతుందన్న అంచనా మీద పథకం బతుకంతా ఆధారపడింది.

ఒప్పందంలో కొన్ని రిస్కులను చాలా తెలివిగా పంచారని ఒప్పుకోవాలి. నిర్మాణాన్ని అనుభవమున్న పెద్ద కాంట్రాక్టర్లకు అప్పగించారు. కావేరిలో కరవు వస్తే కంపెనీ చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి, ఆ కాలంలో అప్పు వాయిదాలు ఆగకుండా ప్రత్యేక నిధి ఏర్పాటు చేశారు, దాని భారం రాష్ట్రం తీసుకుంది. ధర పెంచే విషయం రాజకీయ నాయకుల ఇష్టాయిష్టాలకు వదలకుండా, వాటాదారులకు ఏడాదికి 20 శాతం రాబడి రావాలనే లెక్కతో సూత్రబద్ధం చేశారు. ఈ 20 శాతం గురించి తర్వాత మళ్ళీ చెప్తాను. ఈ రిస్కులన్నిటికీ ఒక పోలిక ఉంది. దేన్ని ఎవరు అదుపు చేయగలరో వారికే దాన్ని ఇచ్చారు, ఎవరూ అదుపు చేయలేనిదానికి ముందే డబ్బు పక్కన పెట్టారు. ఈ సూత్రం గిరాకీ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తప్పిందో చూడాలంటే ధరల లెక్కలోకి వెళ్ళాలి.

పథకం తొలి రోజుల్లో పరిశ్రమలకు కిలోలీటరు, అంటే వెయ్యి లీటర్ల నీరు సుమారు 45 రూపాయలు ఉండేది. పురపాలక సంఘానికి అదే నీరు సుమారు 5 రూపాయలు, దారిలోని పల్లెలకు అంతకన్నా తక్కువ. ఈ తేడాను క్రాస్ సబ్సిడీ అంటారు. పరిశ్రమ ఎక్కువ చెల్లించి ఊరి వాటాను మోస్తుంది. లెక్క తేలికగా ఉండడానికి పరిశ్రమలు రోజుకు 100 ఎంఎల్‌డీ, పురపాలక సంఘం 60 ఎంఎల్‌డీ కొన్నాయని ఊహించుకుందాం. వంద ఎంఎల్‌డీ అంటే లక్ష కిలోలీటర్లు కాబట్టి పరిశ్రమల నుంచి రోజుకు 45 లక్షలు, ఏడాదికి దాదాపు 164 కోట్లు వస్తాయి. పురపాలక సంఘం నుంచి రోజుకు 3 లక్షలు, ఏడాదికి 11 కోట్లు. ఇద్దరూ కొనే నీటిలో మూడో వంతుకు పైగా ఊరిదే అయినా, రాబడిలో దాని వాటా ఆరు శాతం మాత్రమే.

ఇప్పుడు పరిశ్రమల కొనుగోలు సగానికి పడిపోయిందనుకుందాం. రోజుకు ఇరవై రెండున్నర లక్షలు పోతాయి. ఆ నష్టాన్ని ఊరికి ఎక్కువ నీరు అమ్మి పూడ్చుకోవాలంటే, 5 రూపాయల ధరకు రోజుకు 450 ఎంఎల్‌డీ అమ్మాలి, అంటే పథకం మొత్తం సామర్థ్యానికి దాదాపు రెండున్నర రెట్లు. మరోవైపు ఖర్చు మాత్రం సగం కాదు. కరెంటు, రసాయనాల ఖర్చు కొంత తగ్గుతుంది గానీ, పైపులు వేసిన అప్పు వాటిలో నీరు పారినా పారకపోయినా కట్టాల్సిందే. దాదాపు 614 కోట్ల అప్పు మీద 12 శాతం వడ్డీ అనుకుంటే వడ్డీయే ఏడాదికి 74 కోట్లు అవుతుంది. రాబడి 175 కోట్ల నుంచి 93 కోట్లకు పడితే, వడ్డీ కట్టాక మిగిలేది 19 కోట్లు. దానితోనే కావేరి నుంచి నీరు తోడాలి, సిబ్బందికి జీతాలివ్వాలి, అసలు తీర్చాలి. వడ్డీ రేటు, కొనుగోలు పరిమాణాలు నేను ఊహించుకున్నవి కావచ్చు గానీ, లెక్క స్వభావం మాత్రం ఆ పథకానిదే. ఊరికి చౌక నీరిచ్చే ఏర్పాటు అంతా ఒకే ఒక్క పరిశ్రమలోని, ఒకే ఒక్క దశ మీద నిలబడి ఉంది. ఆ దశ అద్దకం.

అద్దకానికి ఏం జరిగిందో తిరుప్పూర్‌లో అందరికీ తెలుసు. యూనిట్లు వదిలిన రంగునీరు నొయ్యల్ వెంట దిగువకు పోయి ఒరత్తుపాళయం జలాశయంలో చేరింది. రైతులకు సాగునీరివ్వడానికి కట్టిన జలాశయం కాలుష్యపు మడుగైపోయింది. ఆయకట్టు రైతులు కోర్టుకు వెళ్ళారు. మురుగు చుక్క కూడా బయటికి వదలకూడదనే షరతును 2006లో మద్రాసు హైకోర్టు విధించింది, 2009లో సుప్రీంకోర్టు కూడా అద్దకందారుల వాదనను తోసిపుచ్చి రైతుల పక్షానే నిలిచింది. అయినా షరతు అమలు కాకపోవడంతో 2011 జనవరిలో హైకోర్టు అద్దకం, చలువ యూనిట్లన్నిటినీ మూసేయమంది. వందల యూనిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి, వాటితో పాటు వాటి నీటి కొనుగోలూ ఆగింది.

మూసివేత తాత్కాలికం కాబట్టి ఆ దెబ్బ కూడా తాత్కాలికమే అనిపించవచ్చు. నా దృష్టిలో అసలైన మార్పు యూనిట్లు మళ్ళీ తెరుచుకున్నాక వచ్చింది. మురుగు బయటికి వదలకూడదంటే ఆ మురుగునే శుద్ధి చేసి, రివర్స్ ఆస్మాసిస్ పొరల గుండా పంపి, ఉప్పును వేరు చేసి, వచ్చిన మంచినీటిని మళ్ళీ అద్దకానికే వాడాలి. ఈ పద్ధతి సరిగా నడిస్తే వాడిన నీటిలో చాలా భాగం యూనిట్‌కే తిరిగొస్తుంది. బయటి నుంచి కొనవలసింది ఆవిరైపోయినంత, ఉప్పుతో పోయినంత మాత్రమే. అంటే అద్దకం పూర్తిగా కోలుకున్నా, ఉత్పత్తి పెరిగినా, కావేరి నీటి గిరాకీ పాత అంచనాకు చేరదు. నదికి మేలు చేసిన తీర్పే పథకం రాబడికి గొయ్యి తవ్వింది. రైతులు గెలవడం న్యాయమని నేను నిస్సంకోచంగా అంటాను. ఆ న్యాయం జరిగితే పథకం ఏమవుతుందని లెక్క వేయకపోవడం ఒప్పందం రాసినవారి లోపం.

ఇలాంటి తీర్పు వస్తుందని ముందుగా ఎవరు ఊహించగలరన్న ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. ఊహించవచ్చు. నొయ్యల్ కాలుష్యం వివాదం 1990ల నుంచే కోర్టుల్లో ఉంది. అదే తమిళనాడులో పాలార్ నది వెంట ఉన్న తోళ్ళ శుద్ధి కర్మాగారాల కేసులో, కాలుష్యం చేసినవాడే దాని మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే ఖరారు చేసింది. కన్సెషన్ ఒప్పందం కుదిరింది 2000లో. పథకం పరిశ్రమకు అందించే నీటిలో అధిక భాగం రంగునీరుగా నొయ్యల్‌లోకే వెళ్తుందని దాన్ని గీసిన ఇంజినీర్లకు తెలుసు. అయినా కాలుష్య నియంత్రణను పర్యావరణ అనుమతుల అధ్యాయంలో పెట్టారు తప్ప, గిరాకీ అంచనా అధ్యాయంలోకి తేలేదు. ఒప్పందాల్లో ఇలా జరగడం చాలా మామూలు. ఒక్కో అధ్యాయాన్ని ఒక్కో నిపుణుడు రాస్తాడు, రెండు అధ్యాయాల మధ్య ఉన్న రిస్కు ఎవరి చేతికీ రాదు.

ఇక 20 శాతం రాబడి సంగతికి వస్తాను. రాబడి లక్ష్యం తప్పినప్పుడు సూత్రం ప్రకారం ధర పెరగాలి. ఇంకెక్కడా దొరకని సరుకు విషయంలో అది పని చేస్తుంది. తిరుప్పూర్ అద్దకందారుకు మాత్రం పల్లె బోరు, ట్యాంకర్, ఇప్పుడు తన సొంత శుద్ధి యూనిట్ కూడా ఉన్నాయి. ధర పెంచితే కొనేవాడు మరికొంత తగ్గించుకుంటాడు, అప్పుడు మిగిలినవారి మీద ధర ఇంకా పెంచాలి. కొనుగోలుదారులే ఒక సంఘంగా కంపెనీలో వాటాదారులు కావడం వల్ల వారు కట్టుబడి ఉంటారని మొదట్లో చాలామంది నమ్మారు. సంఘం వాటా తీసుకోవడం వేరు, వీధి చివర ఉన్న ఒక అద్దకం యజమాని తన నీటి కొనుగోలుకు ఇరవై ఏళ్ళ హామీ రాసివ్వడం వేరు. లాభం మూడు శాతం తగ్గినా అతను ట్యాంకర్‌ను పిలుస్తాడు, అందులో అతని తప్పేమీ లేదు. చివరికి ఆ 20 శాతం కాగితం మీద పేరుకుపోయే బాకీ మాత్రమే అయింది.

రాబడి తగ్గి కంపెనీ అప్పులు కట్టడం కష్టమైనప్పుడు బ్యాంకులు గడువులు పొడిగించి షరతులు సడలించాయి. ఆ బ్యాంకుల్లో అధిక భాగం ప్రభుత్వ రంగానివే. వాటాదారుల్లో రాష్ట్ర ప్రభుత్వం ఉంది. ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ 2018లో తన అప్పులే తీర్చలేక కుప్పకూలింది. కంపెనీ గడిలో టిక్కు పెట్టిన గిరాకీ రిస్కు ఇలా ఒక్కో మెట్టు దిగుతూ, ఒప్పందంలో ఎక్కడా పేరు లేని డిపాజిటరు దాకా, పన్ను కట్టేవాడి దాకా చేరింది. నీళ్ళు ఆగలేదని ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. పైపులు, శుద్ధి కేంద్రం బాగా కట్టారు, ఊరికి కావేరి నీరు అందుతూనే ఉంది. పథకం ఇంజినీరింగ్‌గా నెగ్గింది, ఒప్పందంగా దెబ్బతింది.

గిరాకీ రిస్కును మరో విధంగా పెట్టిన ఊరు నాగపూర్. అక్కడ 2012 మార్చి నుంచి 25 ఏళ్ళకు ఊరంతటి నీటి సరఫరా నిర్వహణను వియోలియా, విశ్వరాజ్ సంస్థల ఉమ్మడి కంపెనీకి అప్పగించారు. మొదటి దశలో పైపుల, కనెక్షన్ల పునరుద్ధరణకు అయ్యే దాదాపు 388 కోట్లలో 70 శాతం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చాయి, 30 శాతం కంపెనీ పెట్టింది. ఇళ్ళవారు కట్టే టారిఫ్‌ను నగరపాలక సంస్థే నిర్ణయిస్తుంది. కంపెనీకి మాత్రం బిల్లు వేసి వసూలు చేసిన ప్రతి కిలోలీటరుకు వేలంలో ఖరారైన రేటు అందుతుంది. కాబట్టి లీకైన నీరు, బిల్లు పడని కనెక్షన్, మీటరు తిరగని ఇల్లు, ఇవన్నీ కంపెనీకి సొంత నష్టం. తవ్వి లీకు మూయగల చేతులు, మీటరు మార్చగల చేతులు కూడా దానివే. ఊరి జనం తాగడం మానేస్తారన్న భయం ఎవరికీ లేదు. రిస్కు ఎవరి అదుపులో ఉందో వారికే ఇవ్వడమంటే ఇది.

నాగపూర్‌లోనూ గొడవలు లేకపోలేదు. పనులు ఆలస్యమయ్యాయని, ఖర్చులు పెరిగాయని, బిల్లులు ఎక్కువ వచ్చాయని ఆరోపణలు వచ్చాయి. వాటిలో చాలావాటికి మూలం ఒకటేనని నాకనిపిస్తుంది. భూమిలో ఏ పైపు ఎక్కడుందో, ఎంత వయసుదో, సంతకం రోజున ఎంత నీరు పోతోందో కచ్చితంగా తెలియకుండానే పాత ఊరి పైపుల రిస్కును పంచుకోవలసి వస్తుంది. మన పట్టణాల్లో ఎక్కడైనా అంతే. సరఫరా పంపుల దగ్గరే మొత్తం నీటిని కొలిచే బల్క్ మీటర్లు ఉండవు, ఉన్నా తిరగవు. నష్టం 50 శాతం అని నివేదికలో రాసి ఉంటే, అది కొలిచిన అంకె కాదని, పంపు గంటలను పంపు సామర్థ్యంతో గుణించి తీసిన అంచనా అని అనుభవమున్నవారు వెంటనే పసిగడతారు. అలాంటి అంకె మీద లక్ష్యం పెట్టి, దానికి జరిమానా కట్టించబోతే తగాదా తప్పదు. సంతకానికి ముందు కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం బల్క్ మీటర్లు పెట్టి కొలిచిన అంకెలే మొదటి గుర్తుగా ఉండాలి.

మళ్ళీ నా ముందుకొచ్చిన డ్రాఫ్టు దగ్గరకు వస్తాను. ఆ పథకంలో ఊరికి దగ్గరలోని పారిశ్రామికవాడ మూడో వంతు నీటిని ఇంటి ధరకు ఎన్నో రెట్లు చెల్లించి కొంటుందని అంచనా. వాడలో అప్పటికి ప్లాట్లు చాలావరకు ఖాళీ. నేను రాసిచ్చిన నోటులో మూడు కోరికలు మాత్రమే పెట్టాను. పారిశ్రామికవాడను నడిపే సంస్థ, నీరు తీసుకున్నా తీసుకోకపోయినా కనీస పరిమాణానికి డబ్బు కడతానని సంతకం చేయాలి, లేదంటే ఆ మూడో వంతును అంచనా నుంచి తీసేసి పథకాన్ని దశలవారీగా, మొదట ఊరికి సరిపడా మాత్రమే కట్టాలి. వ్యర్థజలాల పునర్వినియోగం తప్పనిసరి అయితే పరిశ్రమల కొనుగోలు ఎంతకు తగ్గుతుందో గిరాకీ అధ్యాయంలోనే లెక్క కట్టాలి. చివరి పట్టికలో మూడో గడి ఒకటి చేర్చి, ప్రతి రిస్కుకూ ఎదురుగా, అది నిజమైతే డబ్బు ఏ ఖాతా నుంచి, ఎన్ని రోజుల్లో రావాలో రాయాలి.

మూడో గడిని నింపడానికి మా సమావేశంలో ఒక మధ్యాహ్నమంతా పట్టింది. గిరాకీ వరుస దగ్గర కంపెనీ అని టిక్కు ఉంది. గిరాకీ తగ్గి కంపెనీ వాయిదాలు కట్టలేకపోతే ఏమవుతుందని చూస్తూ పోతే ఒప్పందం రద్దు అధ్యాయం దాకా వెళ్ళాం. ఎవరి తప్పు వల్ల రద్దయినా, మిగిలిన అప్పులో అత్యధిక భాగాన్ని పురపాలక సంఘమే బ్యాంకులకు చెల్లించాలని అక్కడ ఉంది. ఆ చెల్లింపుకు హామీగా ఆస్తి పన్ను వసూళ్ళను ఒక ఎస్క్రో ఖాతాకు, అంటే షరతుల ప్రకారమే సొమ్ము బయటికి వెళ్ళే ప్రత్యేక ఖాతాకు, మళ్ళించాలని అనుబంధంలో ఉంది. పట్టికలో కంపెనీ టిక్కు పక్కన ఉన్న మూడో గడిలో, అకౌంట్స్ అధికారి తన చేత్తో ‘ఆస్తి పన్ను’ అని రాశారు.